అమ్మ బీపీ మిషన్‌కి రీఛార్జబుల్ సెల్స్ కుదిరాయి ఇలా

అమ్మ బీపీ మిషన్‌లో ఫుల్ ఛార్జ్ చేసిన నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేసినా, పట్టీలోకి గాలి ఎక్కుతుండగానే లో బ్యాటరీ గుర్తు వచ్చి ఆగిపోయేది. ఒక్కోటి 1.2 వోల్టులే కదా, నాలుగు కలిపితే 4.8, మామూలు సెల్స్ అయితే 6 వస్తాయి, మిషన్ ఆ లెక్కనే చూస్తుంది. అందుకే 1.6 వోల్టుల నికెల్ జింక్ సెల్స్, వాటి ఛార్జర్ తెచ్చాను (పాత ఛార్జర్‌లో ఇవి నిండవు). ఛార్జర్‌లోంచి తీయగానే మల్టీమీటర్‌లో ఒక్కోటి 1.85 చూపించింది, అంటే మొత్తం 7.4, భయమేసి బల్బు టార్చ్‌లో రెండేసి చొప్పున కాసేపు వెలిగించి 1.7కి దిగాకే పెట్టా, ఇప్పుడు గాలి ఆగకుండా ఎక్కుతోంది. ఇవి వాడకుండా ఉంచినా దిగిపోతాయి, అందుకే గోడ గడియారానికి రీఛార్జబుల్ ఆల్కలైన్ వేశా, అది 1.5 వోల్టులు, ఛార్జ్ నెలల తరబడి నిలుస్తుంది, కాకపోతే పూర్తిగా ఖాళీ చేస్తే కొన్ని సార్లకే కెపాసిటీ పడిపోతుంది, సగంలోనే తీసి ఛార్జ్ పెట్టాలి.