ప్యాకెట్ వెనక వైపు – 4వ పాఠం: పసుపు కిస్‌మిస్, 220 అనే అంకె

పోయిన పాఠంలో ప్యాకెట్ వెనక ఐఎన్‌ఎస్ అంకెలు, అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన అంతర్జాతీయ నంబర్లు, ఎక్కడ ఉంటాయో వెతకడం నేర్చుకున్నాం. ఈసారి ఒకే ఒక్క వస్తువు తీసుకుందాం. పాయసంలో వేసే పసుపు కిస్‌మిస్. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఇది తప్పక తెలుసుకోవాల్సిన సంగతి.

ముందు రంగు సంగతి చూద్దాం. ద్రాక్షను మామూలుగా ఎండలో ఆరబెడితే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. కోసి పెట్టిన ఆపిల్ ముక్క నల్లబడడానికి కారణమైన ఎంజైమే ఇక్కడా పనిచేస్తుంది. ఆ పనిని ఆపేది సల్ఫర్ డయాక్సైడ్, అంటే గంధకం కాలిస్తే వచ్చే వాయువు. కాలిఫోర్నియాలో పసుపు కిస్‌మిస్ చేసేటప్పుడు థాంప్సన్ సీడ్‌లెస్ ద్రాక్షను వేడి నీళ్లలో ముంచి తీసి, మూసిన గదిలో ఈ వాయువు పట్టించి, ఆ తర్వాత వేడిగాలి యంత్రాల్లో ఆరబెడతారు. అక్కడ ఎండలో ఆరే ముదురు రంగు కిస్‌మిస్‌దీ ఎక్కువగా అదే ద్రాక్ష రకం. తేడా అంతా ఆరబెట్టే పద్ధతిలోనే.

మనకు ఎక్కువగా వచ్చేది మహారాష్ట్రలోని సాంగ్లీ, తాస్‌గావ్ వైపు సరుకు. అక్కడ ద్రాక్షను పొటాషియం కార్బొనేట్, ఇథైల్ ఓలియేట్ కలిపిన నీళ్లలో ముంచి, నీడలో వలల మీద ఆరబెడతారు. ఈ ముంచడం తొందరగా ఆరడానికే, ఇందులో సల్ఫైట్, అంటే సల్ఫర్ డయాక్సైడ్ జాతి రసాయనం, లేదు. పచ్చ ఛాయను బంగారు రంగుకు తేవడానికి తర్వాత గంధకం పొగ పెడతారు. అందుకే రంగు చూసి అనుమానించవచ్చు గానీ, తేల్చి చెప్పలేం. తేల్చేది లేబులే.

ఇప్పుడు ప్యాకెట్ తిప్పండి. 220 నుంచి 228 వరకు ఉన్న అంకెల్లో ఏదైనా కనిపిస్తే సల్ఫైట్ వాడారని అర్థం. 220 సల్ఫర్ డయాక్సైడ్, 223 సోడియం మెటాబైసల్ఫైట్, 224 పొటాషియం మెటాబైసల్ఫైట్. కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆపైన సల్ఫైట్ ఉంటే అలర్జీ కారకాల దగ్గర చెప్పాలని మన దేశపు లేబుల్ నిబంధనలు అంటాయి. బేగంబజార్‌లో గోనె సంచిలోంచి తూచి ఇచ్చే సరుకుకు ఈ సదుపాయం ఉండదు. సల్ఫైట్ పడని మనిషి ఇంట్లో ఉంటే ఆ పసుపు కిస్‌మిస్ కొనకపోవడమే నయం. డబ్బా మూత తీసి వాసన చూసి పరీక్షించవద్దు. ఆ వాయువు పీలిస్తేనే కొందరికి దగ్గు, ఆయాసం మొదలవుతాయి.

ఒక లెక్క వేద్దాం. పసుపు కిస్‌మిస్‌లో కిలోకు 1000 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ ఉందనుకోండి. బ్లీచ్ చేసిన కిస్‌మిస్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఒప్పుకునే పరిమితి 1500, కాబట్టి ఇది అతిగా వేసుకున్న అంకె కాదు. ఇరవై గింజలు సుమారు 10 గ్రాములు, అంటే అందులో 10 మిల్లీగ్రాములు. అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ హద్దు కిలో శరీర బరువుకు 0.7 మిల్లీగ్రాములు. 15 కిలోల పిల్లవాడికి అది 10.5 అవుతుంది. గుప్పెడు కిస్‌మిస్‌తోనే ఆ రోజు వాటా దాదాపు నిండిపోయింది! అయితే ఆ హద్దు మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు వేసినది. సల్ఫైట్ పడనివాళ్లకు అంతకంటే తక్కువే ఇబ్బంది పెట్టవచ్చు.

ఎవరు మానాలి? ఉబ్బసం ఉన్నవాళ్లందరూ కాదు. వందమందిలో సుమారు ముగ్గురి నుంచి పదిమంది వరకే సల్ఫైట్ పడదని అంచనా. ఉబ్బసం అదుపులో లేనివాళ్లు, స్టెరాయిడ్ మాత్రల మీద ఆధారపడేవాళ్లు ఎక్కువ జాగ్రత్త పడాలి. పసుపు కిస్‌మిస్, ఎండు ఆప్రికాట్, వైన్ వంటివి తీసుకున్న కొద్ది నిమిషాల్లో ఛాతీ బిగుసుకోవడం, పిల్లికూతలు, దద్దుర్లు ఒక్కసారైనా వచ్చినవాళ్లు పూర్తిగా మానేసి, డాక్టర్‌కు ఆ సంగతి చెప్పాలి. ఇంట్లో తిని పరీక్షించుకోవడం ప్రమాదం. ఆ పరీక్ష ఆసుపత్రిలోనే చేస్తారు. సల్ఫైట్ ఆక్సిడేజ్ ఎంజైమ్ పుట్టుకతోనే లేని అరుదైన పిల్లలకు కూడా ఇవి పెట్టకూడదు. ఉబ్బసం అదుపులో ఉండి, ఇన్నాళ్లూ తిన్నా ఏమీ కానివాళ్లు టెన్షన్ పడి మానాల్సిన పని లేదు.

సల్ఫా మందులు పడవని డాక్టర్ చెప్పినవాళ్లు ఇక్కడ తికమక పడుతుంటారు. అది వేరు, ఇది వేరు. ఒకటి పడనంత మాత్రాన రెండోది పడదని కాదు.

కడిగితే పోతుందా అని చాలామంది అడుగుతారు. నానబెట్టి నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది. కానీ పండులోని చక్కెరతో అంటుకున్న భాగం మిగిలే ఉంటుంది. మరిగించినా అంతే. కాబట్టి సల్ఫైట్ పడని మనిషికి వడ్డించే పాయసంలో కడిగిన పసుపు కిస్‌మిస్ కాక, ఎండలో ఆరిన, పదార్థాల జాబితాలో ద్రాక్ష తప్ప మరేమీ లేని ముదురు రంగు కిస్‌మిస్ వేయండి.

ఈ వారం అభ్యాసం: వంటింట్లో ఉన్న కిస్‌మిస్, ఎండు ఆప్రికాట్, సీసాలో దొరికే నిమ్మరసం తీసి, వెనక 220 నుంచి 228 వరకు అంకెలు వెతికి కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ కాగితం పక్కన పెట్టుకుని నిమ్మరసం సీసాతో మొదలుపెడదాం.