పౌనఃపున్య పట్టికలో మొత్తం తప్పు వస్తోందా? సమస్య - పరిష్కారం

దింపు రోజున ఏ చెట్టుకు ఎన్ని కాయలు దిగాయో పుస్తకంలో గీతలు గీసుకుంటూ పోతే, సాయంత్రానికి ఒక పౌనఃపున్య పట్టిక తయారవుతుంది. కోనసీమలో 50 చెట్ల కొబ్బరి తోట అనుకుందాం. ఒక దింపుకి లెక్క ఇలా వచ్చింది.

| చెట్టుకు దిగిన కాయలు | అలాంటి చెట్లు |
|---|---|
| 0 | 4 |
| 5 | 7 |
| 6 | 12 |
| 8 | 15 |
| 10 | 9 |
| 12 | 3 |

మొత్తం కాయలెన్ని? 8కి ఎదురుగా 15 ఉందంటే, ఎనిమిదేసి కాయలు దిగిన చెట్లు పదిహేను ఉన్నాయని. ఆ చెట్ల కాయలు 8 × 15 = 120. ఇలా ఏ వరుసకు ఆ వరుస గుణించి, వచ్చిన లబ్ధాలను కూడాలి: 0 + 35 + 72 + 120 + 90 + 36 = 353. పదో తరగతి పుస్తకంలో Σfx అని రాసేది దీన్నే.

మీకు 353 కాకుండా వేరే అంకె వస్తే, ఆ అంకెను బట్టే తప్పెక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

సమస్య: మొత్తం 41 వచ్చింది, లేదా 50 వచ్చింది

ఎడమ గడి అంకెలను మాత్రమే కూడితే 41 వస్తుంది. పదిహేను చెట్ల తరఫున ఒక్క 8 మాత్రమే లెక్కలోకి వచ్చిందన్నమాట. కుడి గడిని కూడితే 50 వస్తుంది, అవి చెట్లు, కాయలు కావు. రెండింటికీ మందు ఒకటే. పక్కన మూడో గడి గీసి, దానిపైన ‘కాయలు × చెట్లు’ అని రాసి, ఆ గడిని కూడండి. నోటితో చేసేస్తాం అనుకునేవాళ్లే ఇక్కడ ఎక్కువగా జారతారు.

సమస్య: మొత్తం 2050 వచ్చింది

రెండు గడులనూ విడివిడిగా కూడి, ఆ మొత్తాలను గుణించారు: 41 × 50. ఇలా చేస్తే ప్రతి చెట్టుకూ 41 కాయలు కట్టినట్టే, తోటలో ఏ చెట్టుకూ 12 దాటనప్పుడు. ముందు గుణకారం, తర్వాత కూడిక. ఈ వరుస మారకూడదు. లెక్క మొదలుపెట్టకముందే ఒక హద్దు వేసుకుంటే ఇలాంటివి వెంటనే దొరికిపోతాయి: అన్ని చెట్లకూ అత్యధికంగా 12 చొప్పున దిగినా 600 దాటదు. ఎక్కువ చెట్లు 6, 8 దగ్గరే ఉన్నాయి కాబట్టి జవాబు 300కీ 400కీ మధ్యలో ఉండాలి.

సమస్య: మొత్తం 357 వచ్చింది

ఇది చూడ్డానికి సరైనదానిలాగే ఉంటుంది కాబట్టి హద్దు పెట్టినా దొరకదు. తేడా సరిగ్గా 4. సున్నా వరుసలో ఉన్న చెట్లు కూడా 4. అంటే 0 × 4కి జవాబు 4 అని రాసేశారు. కాయ దిగని చెట్టు నాలుగున్నా నలభై ఉన్నా కుప్పలో పడేది ఏమీ లేదు.

అలాగని ఆ వరుసను కొట్టేస్తే ఇంకో చిక్కు వస్తుంది. మొత్తం 353గానే ఉంటుంది, కానీ చెట్లు 46 అయిపోతాయి. సగటు అడిగినప్పుడు 353ని 50తో భాగిస్తే 7.06, 46తో భాగిస్తే దాదాపు 7.67. కాయని చెట్టు కూడా ఎరువు తిన్న చెట్టే. తోట సగటు కావాలంటే దాన్ని వదలకూడదు.

సమస్య: మొత్తం సరిపోయింది, సగటు మాత్రం తేడాగా ఉంది

సగటు 58.8 వస్తే పెద్ద టెన్షన్ లేదు. 353ని వరుసల సంఖ్య 6తో భాగించారు, చెట్టుకు 12 దాటని తోటలో 58 ఏమిటని చూడగానే అనుమానం వస్తుంది. సగటు 8.6 వస్తేనే ప్రమాదం. ఏ గడి కాయలదో, ఏ గడి చెట్లదో తారుమారు చేసుకుని, 41ని చెట్ల సంఖ్య అనుకుని భాగించారు. 8 × 15 అన్నా 15 × 8 అన్నా ఒకటే కాబట్టి మొత్తం మాత్రం మారదు. అందుకే అక్కడ ఏ అనుమానమూ రాలేదు. చెట్టుకు 8.6 కాయలంటే నమ్మేలాగే ఉంటుంది కూడా.

దీనికి గడులపైన శీర్షిక రాసుకోవడమే పరిష్కారం. ‘x’, ‘f’ అని రాసుకుంటే ఇంటి దగ్గర చదివేవాళ్లకు అర్థం కాదు, ‘కాయలు’, ‘చెట్లు’ అని రాయండి. ఆపైన ఒక ప్రశ్న: ఈ గడిని కూడితే తోటలో ఉన్న చెట్ల సంఖ్య వస్తోందా? వచ్చిన గడే పౌనఃపున్యాల గడి.

సమస్య: గుణకారాలన్నీ కరెక్టే, అయినా 302 వస్తోంది

తప్పు గుణకారంలో లేదు, అంతకు ముందే పడింది. నాలుగు నిలువు గీతలు గీసి ఐదోదాన్ని అడ్డంగా కొడతాం కదా, ఆ అడ్డగీతను వదిలేసి కట్టకు నాలుగే లెక్కపెట్టారు. దాంతో 7, 12, 15, 9 కాస్తా 6, 10, 12, 8 అయ్యాయి. చెట్ల గడిని కూడి చూడండి: 43. తోటలో ఉన్నవి 50. తగ్గినవి 7, గీతల్లో ఉన్న కట్టలూ ఏడే. కాయల్లో మాత్రం తేడా 51కి పోయింది, ఎందుకంటే తగ్గిన ప్రతి చెట్టూ తన కాయలన్నీ వెంట తీసుకుపోతుంది. అందుకే గుణించే ముందే చెట్ల గడిని కూడి చూసుకోవాలి.

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఎక్సెల్ వాడేవాళ్లకూ ఇదే పరీక్ష పనికొస్తుంది. కాయలు A గడిలో, చెట్లు B గడిలో ఉంటే:

```
=SUMPRODUCT(A2:A7,B2:B7)
=SUM(B2:B7)
```

మొదటిది 353, రెండోది 50 చూపాలి. 233, 35 చూపిస్తే ఎవరో B5లో 15కి బదులు ‘15 చెట్లు’ అని టైప్ చేశారు. అక్షరాలు కలిస్తే ఎక్సెల్ దాన్ని సంఖ్యగా తీసుకోదు, ఆ వరుసను సున్నాగా లెక్కేసి ఊరుకుంటుంది. ఎర్రర్ కూడా చూపదు. గడిలో అంకె మాత్రమే ఉంచి, ‘చెట్లు’ అన్న మాట శీర్షికలో పెట్టండి.

సమస్య: పట్టిక ప్రకారం 355, కుప్ప లెక్కపెడితే 353

ఇది పుస్తకంలో తరగతులుగా రాసుకున్నవాళ్లకు వచ్చే తేడా: 0–4 కాయలు 4 చెట్లు, 5–8 కాయలు 34 చెట్లు, 9–12 కాయలు 12 చెట్లు. ఏ చెట్టుకు సరిగ్గా ఎన్నో ఇక్కడ రాయలేదు కాబట్టి ప్రతి తరగతికీ మధ్య విలువ తీసుకుంటాం: 2 × 4 + 6.5 × 34 + 10.5 × 12 = 8 + 221 + 126 = 355. లెక్కలో తప్పేమీ లేదు, అయినా ఇది అంచనా మాత్రమే. ఇక్కడ రెండు కాయల తేడాతో సరిపోయింది కానీ, ప్రతిసారీ ఇంత దగ్గరగా వస్తుందన్న హామీ లేదు. చెట్లన్నీ తమ తరగతిలో కింది అంచునే ఉంటే 278, పై అంచున ఉంటే 432. ఈ పట్టిక చెప్పగలిగింది ఈ రెండింటి మధ్య అని మాత్రమే. వచ్చే దింపుకి ఎన్ని కాయలు రావచ్చో చూసుకోవడానికి 355 చాలు. వ్యాపారి వెయ్యి కాయల లెక్కన డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం దీన్ని చూపించి బేరం పెట్టకండి, కుప్ప దగ్గర నిలబడి కాయలు లెక్కపెట్టించండి.