బకాయి జీతం ఒకేసారి వచ్చిందా? సెక్షన్ 89 ఉపశమనం ఇలా లెక్కించండి

పాత బకాయిలన్నీ ఒకే ఏడాది చేతికి రావడంతో పై శ్లాబులోకి వెళ్లి, ఎక్కువ పన్ను కట్టేసినవారిని చాలామందిని చూశాను. ఆ అదనపు భారాన్ని తగ్గించేదే ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 89 ఉపశమనం. అది ఎలా లెక్కించాలో ఒక టీచరు ఉదాహరణతో చెబుతున్నాను.

ఆమెకు 2023-24లో లక్ష రూపాయల బకాయి వచ్చింది. అందులో 60,000 రూపాయలు 2020-21కి, 40,000 రూపాయలు 2021-22కి చెందినవి. అన్ని ఏళ్లూ పాత పన్ను విధానమే.

ముందు, డబ్బు అందిన ఏడాది చూడాలి. బకాయి కలిపితే పన్ను వేయదగిన ఆదాయం 10,50,000. సెస్సుతో పన్ను 1,32,600. బకాయి తీసేస్తే ఆదాయం 9,50,000, పన్ను 1,06,600. తేడా 26,000.

తర్వాత, బకాయిని ఏ ఏటిది ఆ ఏటి ఆదాయానికి కలిపి, అప్పటి రేట్లతోనే పన్ను మళ్లీ లెక్కగట్టి చూడాలి. ఆ రెండేళ్లూ ఆమె ఆదాయం ఆరేసి లక్షలు, 20 శాతం శ్లాబు. అదనపు పన్ను మొదటి ఏడాదికి 12,480, రెండో ఏడాదికి 8,320, మొత్తం 20,800.

26,000లో 20,800 తీసేస్తే మిగిలే 5,200 రూపాయలే ఉపశమనం.

పాత ఏడాది ఆదాయం ఐదు లక్షలకు కాస్త తక్కువగా ఉంటే మాత్రం జాగ్రత్త. బకాయి కలపగానే ఐదు లక్షలు దాటి, అంతవరకు పన్నును సున్నా చేసిన రిబేటు పోతుంది, ఆ ఏటి అదనపు పన్ను ఒక్కసారిగా పెరుగుతుంది, ఉపశమనం సున్నా కూడా కావచ్చు.

రిటర్ను వేయడానికి ముందే ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 10E సమర్పించండి. అది లేకుండా రిటర్నులో ఉపశమనం చూపితే తిరస్కరించి, ఆ మొత్తం కట్టమని నోటీసు పంపుతారు. ఏ ఏటికి ఎంత బకాయో చూపే పట్టికను కార్యాలయం నుంచి ముందే తీసుకోండి.