పాత మాటలతో కొత్త పేరు – మూడో పాఠం: అతుకు దగ్గర జాగ్రత్త

కిందటి పాఠంలో మీకో పని అప్పగించాను. మీకు ఇష్టమైన విషయం ఒకటి పట్టుకుని, దానికి సంబంధించిన పాత తెలుగు మాటలు నిఘంటువులోంచి ఏరి రాసుకోమన్నాను. ఆ జాబితా పక్కన పెట్టుకోండి. ఈ పాఠంలో అందులోంచి రెండు మాటలు తీసి, ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల యూజర్‌నేమ్‌గా పెట్టుకోవడానికి ఒక్క పేరుగా అతుకుదాం.

ఒంటి మాట చాలదా అని కొందరికి అనిపించవచ్చు. చాలదు. వెన్నెల, నెలవంక, తెమ్మెర లాంటి అందమైన మాటల్ని మనకంటే ముందే ఎవరో ఒకరు పట్టేసుకుని ఉంటారు. మీదాకా వచ్చేసరికి వెనక ఒక అంకె తగిలించుకోక తప్పదు. నెనరు అనే మాట చూడండి. నిఘంటువులో దానికి ప్రేమ, దయ అని అర్థం. తెలుగు బ్లాగుల రోజుల్లో ‘నెనర్లు’ అంటూ థాంక్స్‌కు బదులుగా వాడటం మొదలైంది. ఇప్పుడు ఆ పేరు పెట్టుకుంటే చదివేవాళ్లకు ఆ వాడుకే గుర్తొస్తుంది తప్ప పాత అర్థం తట్టదు. రెండు మాటలు కలిస్తే అలా కాదు. ఆ కలయిక మీదే అవుతుంది.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. రాత్రిళ్లు ఊరి బయట కెమెరా స్టాండు వేసుకుని ఆకాశం ఫొటోలు తీసే ఒకమ్మాయికి పేరు కావాలనుకోండి. ఆమె జాబితాలో మిన్ను (ఆకాశం), రిక్క (నక్షత్రం), ఇరులు (చీకటి), ఏరు, దరి అనే మాటలున్నాయి. వీటిలో రిక్కకు ఒక ముచ్చట ఉంది. అది సంస్కృతంలోని ఋక్షం నుంచి వచ్చింది. ఋక్షం అంటే నక్షత్రమే కాదు, ఎలుగుబంటి కూడా. సప్తర్షి మండలం ఉన్న తారల గుంపును పాశ్చాత్యులు ఎలుగుబంటిగా చూశారని తెలిస్తే ఈ మాట ఇంకాస్త రుచిస్తుంది. అయినా దీన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం, ఎందుకో చివర్లో చెబుతాను.

ఆమెకు మొదట తట్టే పేరు ‘గగనఏరు’. పాలపుంత ఆకాశంలో ఏరులా పారుతుంది కాబట్టి ఊహ మంచిదే. అతుకే చెడింది. గగనం సంస్కృతం, ఏరు తెలుగు. సంస్కృత పదాన్ని తెలుగు ప్రత్యయమేదీ చేర్చకుండా తెలుగు మాట ముందు నిలబెడితే దాన్ని వైరి సమాసం అంటారు. వ్యాకరణం తెలియనివాళ్లకు తప్పెక్కడుందో చెప్పడం రాకపోయినా, చెవికి ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. అందుకే మన పద్ధతిలో మొదటి నియమం ఇది: రెండు మాటలూ ఒకే గూటివి కావాలి. శబ్దరత్నాకరం నిఘంటువులో ప్రతి మాట పక్కనా పొట్టి గుర్తు ఉంటుందని కిందటిసారి చూశాం కదా. ‘దే’ అంటే దేశ్యం, అంటే అచ్చంగా తెలుగు మాట. ‘వై’ అంటే వైకృతం, అంటే సంస్కృత ప్రాకృతాల నుంచి రూపం మారి వచ్చిన మాట. ‘సం’ అంటే సంస్కృతం. మొదటి రెండూ ఒకదానితో ఒకటి హాయిగా కలుస్తాయి.

గగనాన్ని తీసేసి మిన్ను పెడదాం. మిన్ను, ఏరు కలిస్తే ఉత్వ సంధి జరిగి మిన్నేరు అవుతుంది. ఈ మాట మనం కొత్తగా పుట్టించింది కాదు. ఆకాశగంగకు కవులు ఎప్పటినుంచో వాడుతున్న పేరే. నిఘంటువులో వెతికేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇది బండి ఱతో ‘మిన్నేఱు’ అని ఉంటుంది. మామూలు ర కొట్టి, దొరకలేదని వదిలేసేవాళ్లు చాలామంది. పాత తెలుగులో ఏఱు అంటే నది, ఏరు అంటే నాగలి. ఏరువాకలో ఉన్నది ఈ రెండోదే. ఈరోజు రెంటినీ ఒకేలా రాస్తున్నాం కానీ పాత నిఘంటువుకు అవి వేర్వేరు మాటలు.

మిన్నేరు బాగానే ఉంది, కానీ అందులో ఆ అమ్మాయి లేదు. నాకు తెలిసినంతలో పేరుకు లోతు అనేది అరుదైన మాట వల్ల రాదు. ఆ విషయంలో మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో పేరు చెప్పినప్పుడే వస్తుంది. ఈమె ఏరు కాదు, ఆ ఏటి ఒడ్డున కూర్చుని చూసే మనిషి. కాబట్టి దరి కావాలి. దరి అంటే ఒడ్డు. దగ్గర అనే అర్థమూ ఉంది, ‘దరిదాపుల్లో లేడు’ అంటాం కదా. ‘దరి చేరడం’ అన్నప్పుడు కష్టం గట్టెక్కడమూ వినిపిస్తుంది. మూడు అర్థాల్లో ఏది తీసుకున్నా ఆ అమ్మాయికి నప్పుతుంది. నానార్థాలున్న మాటను ఎంచుకునేటప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి. రెండో అర్థం మొదటిదానికి తోడు రావాలి, ఎదురు తిరగకూడదు.

ఎదురు తిరిగితే ఎలా ఉంటుందో కూడా చూడండి. చేపల వేట వీడియోలు తీసేవాడొకడు తనకు ‘వలరాజు’ అని పెట్టుకున్నాడనుకోండి. వలకు రాజు అని అతని లెక్క. పద్యాలు చదివినవాళ్లకు మాత్రం వలరాజు అంటే మన్మథుడు. ఆ తర్వాత అతను చేప చూపించినా జనం ముసిముసిగా నవ్వుతారు.

ఇప్పుడు అసలు అతుకు. మిన్నేరు, దరి పక్కపక్కన పెట్టేసి ‘మిన్నేరుదరి’ అంటే సరిపోతుందా? పోదు. ఏరు మరో మాటకు ముందు వచ్చినప్పుడు ఏటి అవుతుంది. మనం ఏరుగట్టు అనం, ఏటిగట్టు అంటాం. నోరు నోటిమాట అయినట్టు, కన్ను కంటిచూపు అయినట్టు ఇదీ మారుతుంది. దీన్నే ఔపవిభక్తికం అంటారు. పేరు గుర్తులేకపోయినా ఫరవాలేదు, అలవాటు గుర్తుంటే చాలు. కాబట్టి పేరు ‘మిన్నేటిదరి’.

తెలివైనవాళ్లకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. మిన్ను కూడా కన్ను లాంటిదే కదా, అది ‘మింటి’ కావాలి కదా అని. నిజమే, విడిగా వాడితే మింటికి ఎగిరింది, మింట మెరిసింది అంటాం. మిన్నేరు మాత్రం కవుల చేతుల్లో అలాగే స్థిరపడిపోయింది. అందుకే, ముందే ఉన్న సమాసం దొరికితే దాన్ని కదపకండి. మీరు కొత్తగా అతికేచోటే సూత్రం వాడండి.

ఇంకో రకం అతుకు ఉంది. ఇది కాస్త మొండిది. క్రొత్త, లేత, కెంపు లాంటి మాటలు మరో మాట ముందుకు వస్తే వాటిలో మొదటి అచ్చు తర్వాతిదంతా రాలిపోతుంది. దీన్ని ప్రాతాది సంధి అంటారు. కెంపులో ‘కె’ మాత్రమే మిగిలి, తమ్మి (తామర)తో కలిసినప్పుడు మధ్యలో నకారం చేరి, త కాస్తా ద అయి కెందమ్మి అవుతుంది. క్రొత్త విషయంలో రెండు దారులున్నాయి. కొన్నిచోట్ల నకారం చేరుతుంది: క్రొత్త, చాయ కలిసి క్రొంజాయ. కొన్నిచోట్ల తర్వాతి హల్లు రెట్టిస్తుంది: నెలతో క్రొన్నెల, తావి (సువాసన)తో క్రొత్తావి. ఎక్కడ ఏది వస్తుందో ఊహించి రాయడానికి లేదు. నిఘంటువులో ఆ రూపం కనబడితేనే తీసుకోండి, లేకపోతే మరో మాటకు మారిపోండి. ‘క్రొతావి’, ‘కెంతమ్మి’ లాంటి సగం ఉడికిన పేర్ల కంటే మామూలు పేరే నయం.

ఇక మిగిలింది ఇంగ్లిష్ అక్షరాల పరీక్ష. ఎక్స్‌లో గానీ ఇన్‌స్టాగ్రామ్‌లో గానీ యూజర్‌నేమ్ తెలుగు లిపిలో ఒప్పుకోరు. ఎక్స్‌లో 15 అక్షరాలు దాటకూడదు, ఇన్‌స్టాగ్రామ్‌లో 30 దాకా పోవచ్చు. మన పేరు `minnetidari`, 11 అక్షరాలు, రెండు చోట్లా పడుతుంది. పొడుగు కంటే పెద్ద చిక్కు ఏమిటంటే ఈ లిపిలో దీర్ఘం కనబడదు, ట, త ఒకటే, ద, డ ఒకటే. కాబట్టి పేరును ఎన్ని రకాలుగా తప్పు చదవొచ్చో మీరే ముందు చదివి చూసుకోవాలి. `minnetidari`ని ‘మిన్నేటి దారి’ అని చదివేవాళ్లుంటారు. చదవనివ్వండి, ఆకాశగంగ దారి అయినా ఆమె పనికి అతికినట్టే ఉంటుంది. మంచి పేరుకు తప్పు చదివినా పరువు పోకూడదు.

అన్నిటికీ ఆ అదృష్టం ఉండదు. నుడి (మాట, పలుకు) ఎంత చక్కటి మాట! `nudi` అని టైప్ చేసి ఒకసారి చూడండి, ఎందుకు వద్దంటున్నానో మీకే తెలుస్తుంది. తొగ అంటే కలువ. `toga` అనగానే రోమన్లు కట్టుకునే బట్ట గుర్తొస్తుంది. తొలుకారు అంటే తొలకరి వానల కాలం. `tolukaru` చూసినవాళ్లకు తోలు సీట్ల కారు తప్ప మబ్బు కనబడదు. రిక్కను పక్కన పెట్టిందీ ఇందుకే. ‘మింటిరిక్క’ అని సూత్రం ప్రకారం నిక్షేపంగా అతకవచ్చు, కానీ `mintirikka`లో మొదటి నాలుగక్షరాలు చూసి పుదీనా ఛానల్ అనుకుంటారు.

చివరి పరీక్ష ఫోన్‌లో చేయండి. తెలుగు వచ్చిన ఒకరికి పేరు ఒక్కసారి చెప్పి, స్పెల్లింగ్ చెప్పకుండా వెతకమనండి. క్రొన్నెల ఇక్కడే దెబ్బ తింటుంది. నేటి మాటల్లో క్రొ అనే పలుకు లేదు కాబట్టి విన్నవాళ్లు `konnela` అని కొడతారు. అంత పేరూ దొరక్కుండా పోతుంది. మిన్నేటిదరికి వచ్చే ఇబ్బంది చిన్నది. కొందరు ఒకే n కొడతారు, కొందరు e రెండుసార్లు కొడతారు. వీలైతే `minetidari` కూడా మీరే తీసి ఉంచుకోండి.

వచ్చే పాఠానికి పని. మేడ మీద తోట పెంచే ఒకాయనకు పేరు కావాలి. ఆయన జాబితాలో ఒకవైపు కెంపు, నిండు అనే అర్థమున్న నెఱ, లేత, దాదాపు అదే అర్థమున్న ఎల ఉన్నాయి. రెండోవైపు తమ్మి, తావి, మావి (మామిడి), తేటి (తుమ్మెద) ఉన్నాయి. అటు ఒకటి ఇటు ఒకటి తీసుకుని నాలుగు జతలు కట్టండి. తేటిని అరసున్నతో వెతకండి, ‘తేఁటి’ అని ఉంటుంది. ఎల పక్కన చేరగానే దాని మొదటి అక్షరం ఏమవుతుందో గమనించండి. నాలుగింటినీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఆయన తోటలో తిరిగే మనిషి ఏ పేరులో కనబడుతున్నాడో, ఏ పేరు ఫోన్‌లో చెబితే నిలబడుతుందో రాసుకోండి. నాలుగో పాఠం ఆ జతలతోనే మొదలుపెడతాను.