పెట్టుబడి ఒప్పందంపై సంతకానికి ముందు: పలాస జీడిపప్పు కంపెనీకి జాగ్రత్తలు

కొత్త జీడిపిక్కలు మార్కెట్‌కు వచ్చే వేసవిలో పలాస వ్యాపారికి ఒక్కసారిగా డబ్బు కావాలి. వాటాదారుల ఒప్పందాన్ని చదవకుండా సంతకం పెట్టే ప్రమాదం అప్పుడే ఎక్కువ. పిక్కల కొనుగోలు ఒక వారం ఆగినా పరవాలేదు, ముందు మూడు షరతులు చదవండి.

అన్నిటికన్నా భయపడవలసింది యాంటీ-డైల్యూషన్, అంటే తర్వాత కొత్త షేర్లు తక్కువ ధరకు ఇస్తే పెట్టుబడిదారు ధరను కూడా తగ్గించే షరతు. మీకు 8,000 షేర్లు ఉన్నాయనుకుందాం. పెట్టుబడిదారు కోటి రూపాయలిచ్చి, షేరు 5,000 చొప్పున, ఈక్విటీగా మారే 2,000 ప్రిఫరెన్స్ షేర్లు తీసుకున్నారు. మీ వాటా 80 శాతం. మరుసటి ఏడాది వ్యాపారం తగ్గి, కంపెనీ ఒక బంధువుకు షేరు 2,500 చొప్పున పది కొత్త షేర్లు ఇచ్చింది. కంపెనీకి వచ్చింది 25 వేలు.

ఒప్పందంలో 'ఫుల్ రాచెట్' ఉంటే పెట్టుబడిదారు ధర కూడా 2,500కు దిగుతుంది. ఆయన కోటికి ఇప్పుడు 4,000 షేర్లు వస్తాయి. అవి ఈక్విటీగా మారాక మీ వాటా 66.6 శాతం. పాతిక వేల కోసం పదమూడు శాతం పోయింది! ప్రత్యేక తీర్మానానికి పోలైన ఓట్లలో 75 శాతం కావాలి కాబట్టి, ఇకపై దాన్ని మీరొక్కరే నెగ్గించుకోలేరు.

'బ్రాడ్-బేస్డ్ వెయిటెడ్ యావరేజ్' అయితే ఎన్ని షేర్లు తక్కువ ధరకు వెళ్లాయో కూడా లెక్కలోకి వస్తుంది. ఇక్కడ ధర 4,997.50 అవుతుంది, ఆయనకు దాదాపు ఒక్క షేరే అదనం, మీకు 79.9 శాతం మిగులుతుంది. ఈ పద్ధతినే అడగండి. ఉద్యోగులకిచ్చే షేర్లకు ఈ షరతు వర్తించదని కూడా రాయించండి.

ట్యాగ్-అలాంగ్ అంటే మీరు అమ్మితే ఆయన కూడా వెంట అమ్ముకునే హక్కు. ఇది న్యాయమైనదే. అయితే ఇంటి అవసరానికి 800 షేర్లు అమ్మబోతే, ఆయన 160 షేర్లు ముందుకు తెస్తే మీరు 640తో సరిపెట్టుకోవాలి. చిన్న అమ్మకాలకు, కుటుంబంలో జరిగే బదిలీలకు మినహాయింపు కోరండి.

డ్రాగ్-అలాంగ్ కింద ఆయన కంపెనీ మొత్తాన్ని అమ్మితే మీరూ అమ్మక తప్పదు. దీన్ని లిక్విడేషన్ ప్రిఫరెన్స్‌తో కలిపి చదవాలి. కంపెనీ 1.2 కోట్లకు పోయి, ముందుగా ఆయన కోటి ఆయనకు చెల్లాలని ఉంటే, 80 శాతం వాటా ఉన్న మీకు దక్కేది మహా అయితే 20 లక్షలు. అందుకే కనీస ధర, కొన్నేళ్ల గడువు, మీ సమ్మతి ఉంటేనే డ్రాగ్ ఒప్పుకోండి.

చివరగా, షేర్ల బదిలీపై ఆంక్షలు కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లో లేకపోతే వాటిని అమలు చేయించుకోవడం కష్టం. 1991లో రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఇదే. సంతకం చేసే రోజునే ఆర్టికల్స్ సవరణ ముసాయిదాను కూడా మీ కంపెనీ సెక్రటరీతో పక్కపక్కన పెట్టి చూడండి. మీరు బతిమాలి సాధించుకున్న మినహాయింపులు అందులో జారిపోకూడదు.