తెల్లవారుజామున వంటింట్లో గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలి?

రాత్రి పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయాం. పాలు పొంగి మంట ఆరిపోయింది. పొయ్యి కట్టేశామనుకుని పడుకున్నాం, నాబ్ మాత్రం తిరిగే ఉంది. పొద్దున్నే అయిదింటికి వంటింటి తలుపు తీస్తే గుప్పున వాసన. అలవాటు కొద్దీ చెయ్యి లైటు స్విచ్చి మీదికి పోతుంది. అసలు ప్రమాదం ఆ క్షణంలోనే ఉంది.

ఎంత గ్యాస్ కారి ఉంటుందో లెక్క వేద్దాం. వెలగని బర్నర్ నుంచి గంటకు సుమారు 130 నుంచి 150 గ్రాములు బయటికి వస్తుంది. ఏడు గంటల్లో దాదాపు కిలో. గాలిలో గ్యాస్ రెండు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న వంటింటిని ఆ స్థాయికి తేవడానికి ఒక కిలో సరిపోతుంది. పైగా ఈ గ్యాస్ గాలికంటే బరువు. పైకి పోకుండా నేలబారున పరుచుకుంటుంది కాబట్టి కింద ఇంకా చిక్కగా ఉంటుంది.

అందుకే ముందుగా గుర్తుంచుకోవాల్సింది స్విచ్చి సంగతి. వేయకూడదు, వేసి ఉంటే ఆపకూడదు కూడా. రెండింటికీ రవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే గ్యాస్ బయటికి పోతుంది కదా అనిపిస్తుంది, కానీ దాని స్విచ్చి కూడా స్విచ్చే. వాసన వస్తున్న గదిలో ఫోన్ తీయకండి.

తర్వాత వరసగా ఇలా చేయండి.

1. పక్క గదిలో దీపం, అగరుబత్తి వెలుగుతుంటే ఆర్పమని చెప్పండి. పిల్లల్ని, పెద్దవాళ్లని బయటికి పంపండి.

2. పొయ్యి నాబ్‌లు, ఆ తర్వాత సిలిండర్ మీది రెగ్యులేటర్ ఆఫ్ చేయండి. వాసన తల తిరిగేంత ఘాటుగా ఉన్నా, బుస్సుమని గట్టిగా శబ్దం వస్తున్నా లోపలికి వెళ్లకుండా నేరుగా అయిదో మెట్టుకు వెళ్లండి.

3. కిటికీలతో పాటు బయటికి తెరుచుకునే తలుపులు బార్లా తీయండి. గ్యాస్ నేలను పట్టుకుని ఉంటుంది కాబట్టి పైనున్న వెంటిలేటర్ ఒక్కటీ చాలదు, గడప మీదుగా పోవడానికి దారి కావాలి.

4. ఫ్రిజ్ దానంతట అదే ఆగి నడుస్తుంటుంది, అప్పుడు లోపల రవ్వ రావచ్చు. అలాగని వంటింట్లో దాని స్విచ్చి ఆపకండి. మెయిన్ స్విచ్చి వాసన చేరని చోట, ఇంటి బయట ఉంటేనే అక్కడ ఆపండి.

5. బయటికి వచ్చి, వాసన లేనంత దూరం పోయాక 1906కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మంట ఉంటే 101 లేదా 112.

వాసన తగ్గిందని వెంటనే లోపలికి పోకండి. అదే వాసన పీలుస్తూ ఉంటే ముక్కు కాసేపటికి దానికి అలవాటు పడిపోతుంది. నిజానికి గ్యాస్‌కు సొంత వాసన దాదాపు లేదు. ఆ కుళ్లు కంపు కోసం మెర్కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు. జలుబు చేసినవాళ్లకు అదీ తెలియదు, కాబట్టి ఇంట్లో ఇంకొకరిని అడగండి.

నాబ్‌లన్నీ కట్టే ఉన్నా కొద్దిగా వాసన వస్తుంటే సబ్బు నీళ్లతో పట్టుకోవాలి. అగ్గిపుల్ల గీసి చూసే పాత అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది, అది దగ్గరికి కూడా రానివ్వకండి. గదిలో గాలి బాగా ఆడాక కాస్త నీళ్లలో సబ్బు నురుగు వచ్చేలా కలిపి, రెగ్యులేటర్ ఆన్‌లో ఉంచి, అది వాల్వ్ మీద కూర్చున్న చోటా, పైపు రెండు చివరలా రాయండి. బుడగలు ఎక్కడ లేస్తే లీకు అక్కడ. వెంటనే రెగ్యులేటర్ ఆఫ్ చేయండి.

పైపు దగ్గరైతే పైపు మార్చాలి. టేపు చుట్టి నడపొద్దు. వాల్వ్ దగ్గరైతే లోపలున్న చిన్న రబ్బరు వాషర్ తెగి ఉండొచ్చు, లేదా అసలు లేకపోవచ్చు. కొత్త సిలిండర్ బిగించిన రోజే వాసన వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. రెగ్యులేటర్ తీసేసి, సిలిండర్‌తో తాడు కట్టి వచ్చే తెల్ల మూతను వాల్వ్ మీద గట్టిగా నొక్కి పెట్టండి. చాలామంది ఆ మూతను తెంపి పారేస్తారు. లీకు ఆపడానికి మన చేతిలో ఉండేది అదే. వాషర్ మీరు మార్చొద్దు, ఏజెన్సీ మనిషిని పిలవండి.

మూత పెట్టాక సిలిండర్‌ను నిలబెట్టే ఉంచి ఆరుబయటికి తీసుకెళ్లండి. మోరీ పక్కన, నేలమాళిగ మెట్ల దగ్గర పెట్టకండి. పల్లంలోకి జారిన గ్యాస్ అక్కడే నిలిచిపోతుంది.

వాల్వ్ దగ్గర మంట అంటుకుంటే, చిన్నదై చెయ్యి అందేలా ఉంటే, తడిపిన మందపాటి నూలు దుప్పటి కప్పి రెగ్యులేటర్ ఆఫ్ చేయండి. గ్యాస్ ఆపకుండా మంట మాత్రం ఆర్పితే మళ్లీ గది నిండుతుంది. అందకపోతే సిలిండర్ గురించి ఆలోచించకుండా అందరూ బయటికి వచ్చేయండి.

తర్వాతి సిలిండర్ దింపించుకునేటప్పుడు పైన పిడి కింది పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలు చూడండి. అది మళ్లీ పరీక్ష చేయాల్సిన గడువు. A అంటే మార్చి వరకు, B జూన్, C సెప్టెంబర్, D డిసెంబర్, అంకెలు సంవత్సరం. గడువు దాటి ఉంటే అక్కడికక్కడే వెనక్కి పంపండి. సీలు తీయించి, బిగించి, సబ్బు నీళ్లు రాసి చూసేదాకా తెచ్చినతన్ని కాసేపు ఆగమనండి.