నాయన పోయిన రాత్రే వాన మొదలైతే: నవలలో వాతావరణం, సమస్య - పరిష్కారం

సమస్య ఇది. రాతప్రతి చదివినవాళ్లు "ఆ చావు సీన్లో వాన అతికించినట్టుంది" అంటారు. రాసినవాళ్లు వెంటనే "ఆకాశం ఏడ్చింది" అన్న వాక్యం కొట్టేసి "వాన పడింది" అని దిద్దుతారు. మళ్లీ చదివిస్తే అదే మాట వినాల్సి వస్తుంది.

దిద్దకముందు చూసుకోవాల్సింది తేదీ. ఎంత చెప్పినా దీన్ని దాటేస్తుంటారు. ప్రతి వాతావరణ వాక్యం పక్కన పెన్సిలుతో నెల, కార్తె, అప్పుడు చేనులో ఏ పంట ఏ దశలో ఉందో రాయండి. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం నైరుతి వానే, సెప్టెంబరులోనే ఎక్కువ. అట్లాంటి చోట మార్చి నెలలో మూడు రోజులు ముసురు పట్టిస్తే ఇక్కడి పాఠకుడు పుస్తకం పక్కన పెడతాడు. అతికించినట్టున్న వానల్లో కొన్ని ఈ ఒక్క పనితోనే తేలిపోతాయి.

తేదీ సరిగ్గా ఉన్నా అతుకు పోకపోతే అసలు కారణం వేరే ఉంది, అది తొందరగా దొరకదు. వాన మొదలైన వాక్యం కింద ఒక గీత, ఆగిన వాక్యం కింద ఒక గీత గీయండి. పాత్ర గుండె పగిలిన రెండు మూడు వాక్యాలకే వాన మొదలై, సీన్‌తోపాటే ఆగిపోతే, ఆ వానకు ముందూ లేదు, వెనకా లేదు. పాత్ర బాధకు జవాబు చెప్పడానికే వచ్చి పోయింది. క్రియ మార్చినా జవాబు జవాబే. చావు రోజున ఎండ కాయించినా అంతే: అద్దాన్ని తిరగేసి పెట్టారు గానీ తీసెయ్యలేదు.

పరిష్కారం ఒక సీన్‌తో చూద్దాం. ఎర్రనేల చేను, బుడ్డల్లో, అంటే వేరుశనగలో, కంది సాళ్లు. జూలై మొదటి వారంలో విత్తారు. బుడ్డలు 105, 110 రోజుల పంట కాబట్టి అక్టోబరు మూడో వారంలో, చిత్త కార్తెలో, పీకుతారు. పీకిన చెట్లు చేనులోనే ఆరుతున్నాయి. ఆ రాత్రి ఇంటి పెద్ద చనిపోయాడు. రాతప్రతిలో ఇట్లా ఉంది: "కొడుకు గొంతు పూడుకుపోయింది. బయట వాన మొదలైంది."

ముందుగా వానను చావుకంటే ముందుకు జరపండి. రెండు పేజీల ముందే, ముసలాయన ఇంకా మాట్లాడుతుండగానే, మోడం కమ్మాలి. కొడుకు ఒకసారి గడప దాటి ఆకాశం చూసి రావాలి. ఆ తర్వాత, ఆ వాన ఇంకెవరికి ఏం చేస్తుందో రాయండి. పీకిన బుడ్డల కట్టె, అంటే పశువుల మేతకు ఉంచే ఆ ఎండు చెట్లు, తడిస్తే నల్లబడుతుంది, పశువులకు పనికిరాదు. అదే చేనులో నిలబడి ఉన్న కందికి పూతకు ముందు పడిన ఆ తడి మేలు. ఒకే వాన, ఒకే చేనులో, ఒక పంటను చెరుపుతూ ఇంకో పంటను బతికిస్తోంది. దాన్ని శోకం అనలేం, దీవెనా అనలేం.

ఇప్పుడు పక్కింటాయన వచ్చి శవం దగ్గర కూర్చుంటాడు. కాసేపటికి మెల్లగా, "అబ్బోడా, కట్టె మీద పట్ట కప్పినారా?" అంటాడు. కొడుకు లేవబోయి తల్లి వైపు చూస్తాడు. లేస్తే తండ్రిని వదిలి పోయినట్టు, లేవకపోతే ఆయన పండించినదాన్ని వదిలేసినట్టు. వాన అతని మనసును చూపించడం లేదు, అతనికి ఒక పని పెట్టింది. అతని బాధ ఆ పని చుట్టూ బయటపడుతుంది.

చివరగా, వానకు వెనక ఏముందో రాయండి. రెండు అధ్యాయాల తర్వాత ఎద్దు ఆ నల్ల కట్టెను వాసన చూసి మూతి తిప్పుకోవాలి. సంక్రాంతి దాటాక కంది కోతలో కొడుకు చేతికి నిండుకాయ తగలాలి. అక్కడ తండ్రి ప్రస్తావన అక్కర్లేదు.

పాత్రకు మాత్రం ఆకాశం ఏడుస్తున్నట్టు అనిపించొచ్చు, దాన్ని తీసెయ్యకండి. 1856లో ఇంగ్లీషు విమర్శకుడు రస్కిన్ "పథెటిక్ ఫాలసీ" అని పేరు పెట్టినప్పుడు చెప్పింది కూడా బలమైన భావం కళ్లకు తప్పుగా చూపించే తీరు గురించే. కాబట్టి "ఆకాశం ఏడుస్తోందని ఆమెకు అనిపించింది" అంటే అది ఆమె చూపు. "ఆకాశం ఏడ్చింది" అని కథకుడే అంటే ఆ చూపుకు సాక్షి సంతకం పెట్టినట్టు. అదే సీన్లో ఇంకొకరు అదే ఆకాశాన్ని చూసి గిత్తలను కొట్టంలో కట్టెయ్యమంటే ఆమె మాట ఆమెదిగానే మిగులుతుంది.

ఒకే రోజు రెండు పేజీల్లో రెండు రకాల ఎండ ఉండటం, కర్నూలు నల్లరేగడిలో ఎర్రదుమ్ము లేవడం లాంటి తప్పులు అరుదు. చదివేటప్పుడే కనబడతాయి, అక్కడికక్కడే దిద్దుకోండి.